నిరూపణ భారం, అజ్ఞానాశ్రిత వాదం

ఒక విషయం మీద ఇద్దరు వాదించుకుంటున్నప్పుడు ఆధారం చూపించాల్సిన బాధ్యత ఎవరిదో తేల్చే నియమాన్ని నిరూపణ భారం అంటారు. కోర్టుల్లో దీన్నే రుజువు భారం అంటారు. నియమం చూడటానికి చిన్నదే: మాట అన్నవారే దాన్ని నిలబెట్టాలి. వినేవారు దాన్ని నమ్మకపోవడానికి వేరే కారణాలు వెతుక్కోనక్కర్లేదు, చాలినంత ఆధారం కనబడలేదని చెబితే సరిపోతుంది.

ఈ నియమాన్ని తలకిందులు చేసే వాదమే అజ్ఞానాశ్రిత వాదం. ఇక్కడ అజ్ఞానం అన్నది తిట్టు కాదు, తెలియకపోవడం అని మాత్రమే అర్థం. 'ఇది తప్పని ఎవరూ రుజువు చెయ్యలేదు కాబట్టి ఇది నిజం' అనడం దాని ఒక రూపం. 'ఇది నిజమని ఎవరూ రుజువు చెయ్యలేదు కాబట్టి ఇది అబద్ధం' అనడం రెండో రూపం. రెండింట్లోనూ మనకు తెలియకపోవడమే సాక్ష్యంగా చలామణీ అవుతుంది. మన ఊళ్ళలో పుకారు లేచినప్పుడు వినిపించే 'నిప్పు లేనిదే పొగ రాదు కదా' అన్న మాట కూడా చాలాసార్లు ఈ పనే చేస్తుంది. పుకారు పుట్టించినవాడు పక్కకు తప్పుకుంటాడు, నిందపడ్డవాడు నిప్పు లేదని చూపించే పనిలో పడతాడు.

భారం ఎవరి మీద మొదలవుతుంది

ఈ ఆలోచనకు లిఖిత రూపం ముందు న్యాయశాస్త్రంలోనే వచ్చింది. ఉందని చెప్పేవాడిదే రుజువు బాధ్యత గాని లేదని చెప్పేవాడిది కాదని రోమన్ న్యాయవేత్తలు ఒక సూత్రంగా స్థిరపరిచారు. మన దేశంలో 1872 నాటి సాక్ష్య చట్టం ఇదే మార్గాన నడిచింది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా దీన్ని మార్చలేదు. ఫలానా సంగతులు నిజమని, వాటి ఆధారంగా తీర్పు ఇవ్వమని కోర్టును కోరేవారే ఆ సంగతులను రుజువు చెయ్యాలి.

అయితే చట్టం ఒక మినహాయింపు పెట్టింది. ఒక సంగతి ప్రత్యేకించి ఒకరికే తెలిసి ఉండేదైతే దాన్ని రుజువు చెయ్యాల్సిన భారం వారి మీదే ఉంటుంది. దీనికి చట్టమే ఇచ్చిన ఉదాహరణ అందరికీ తెలిసిన అనుభవం: టికెట్ లేకుండా రైల్లో ప్రయాణించాడన్న ఆరోపణ వస్తే, టికెట్ ఉందని చూపించాల్సింది ప్రయాణికుడే. టికెట్ ఉంటే అతని జేబులోనే ఉంటుంది, తీసి చూపించడానికి క్షణం పట్టదు. అతని దగ్గర టికెట్ లేదని రైల్వే వాళ్ళు రుజువు చెయ్యాలంటే మాత్రం అమ్మిన ప్రతి టికెట్ లెక్కా తియ్యాలి. ఆధారం ఎవరి చేతికి సులువుగా అందుతుందన్న విచక్షణ కూడా ఈ నియమంలో భాగమేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక్కడ రెండు సంగతులను విడదీసి చూడాలి. ఒకటి మూలభారం. ఇది ప్రతిపాదన చేసినవారి మీద మొదలై చివరిదాకా అక్కడే ఉంటుంది. రెండోది జవాబు చెప్పే భారం. ప్రతిపాదించినవారు పైకి చూస్తే ఒప్పుకోదగ్గ ఆధారం ఒకటి ముందు పెట్టాక, దానికి సమాధానం చెప్పడం ఎదుటివారి వంతు అవుతుంది. వారు చెప్పాక మళ్ళీ మొదటివారి వంతు. చర్చ సాగినంతసేపూ ఈ రెండోది చేతులు మారుతుంది, మొదటిది మారదు. వాదనల్లో జరిగే మోసం చాలావరకు ఈ రెంటినీ కలిపెయ్యడంలోనే ఉంటుంది. ఆధారమేమీ ముందు పెట్టకుండానే 'ఇక మీరు జవాబు చెప్పండి' అనేస్తారు.

కోర్టు నియమాన్ని సాధారణ చర్చలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ వేట్లీ. తర్వాత డబ్లిన్ ఆర్చిబిషప్ అయిన ఈయన 1828లో అలంకారశాస్త్రం మీద ఒక గ్రంథం రాశాడు. చర్చ మొదలయ్యే ముందే ఒక పక్షానికి కొంత మొగ్గు ఉంటుందని, దాన్ని కదిలించాలనుకునేవారి మీదే భారం పడుతుందని అందులో వివరించాడు. మొగ్గు ఉన్న పక్షాన్ని కోటలో ఉన్న సైన్యంతో పోల్చాడు. కోటలో నిలిచి గెలవగలిగిన సైన్యం అనవసరంగా మైదానంలోకి దిగితే, కోటను వదిలేసినందుకే ఓడిపోవచ్చు. తన మీద లేని భారాన్ని తొందరపడి నెత్తికెత్తుకునే విద్యావంతులందరికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. అయితే ఆ మొగ్గు అమల్లో ఉన్న వ్యవస్థలకే ఉంటుందని వేట్లీ అనుకున్నాడు. విద్యా చర్చలో దీన్ని యథాతథంగా ఒప్పుకోవడం కష్టం. పాతదైనంత మాత్రాన ఒక సిద్ధాంతం ఆధారం చూపే బాధ్యత నుంచి తప్పించుకోలేదు. ఒకప్పుడు చూపిన ఆధారం ఇంకా నిలబడి ఉంటేనే దానికి మొగ్గు దక్కుతుంది.

బదిలీ అన్యాయం ఎందుకు

అజ్ఞానాశ్రిత వాదానికి పేరు పెట్టినవాడు జాన్ లాక్. 1690 నాటి తన గ్రంథంలో, మనుషులు ఎదుటివారి నోరు మూయించడానికి వాడే పద్ధతుల్లో ఒకటిగా దీన్ని పేర్కొన్నాడు. నేను చూపిన రుజువును ఒప్పుకో, లేదంటే దీనికంటే మంచిది నువ్వు తీసుకురా అని నిలదీయడమే ఆ పద్ధతి. మంచి రుజువు ఎదుటివాడికి తట్టనంత మాత్రాన మొదటివాడి రుజువు మంచిదైపోదని లాక్ గమనించాడు. పేరు పుట్టిన చోటే దీని అసలు దోషం భారాన్ని బదిలీ చెయ్యడమని దీంతో అర్థమవుతుంది.

ఈ బదిలీలో అన్యాయం ఎక్కడుందో గెలీలియో ఎదుర్కొన్న ఒక వాదం తేటగా చూపిస్తుంది. దూరదర్శినితో చంద్రుణ్ణి చూసిన ఆయన, అక్కడ కొండలు, లోయలు ఉన్నాయని 1610లో ప్రకటించాడు. ఆకాశంలోని గోళాలన్నీ నున్నగా, పరిపూర్ణంగా ఉంటాయన్న పాత సిద్ధాంతానికి అది గొడ్డలిపెట్టు. ఫ్లారెన్సుకు చెందిన లొడొవికో దెల్లె కొలంబె దాన్ని కాపాడటానికి ఒక దారి కనిపెట్టాడు. చంద్రుడి లోయలన్నీ కంటికి కనిపించని స్ఫటికంలాంటి పదార్థంతో నిండి ఉన్నాయని, అందుకే గోళం నిజానికి నున్నగానే ఉందని అన్నాడు. కనిపించని స్ఫటికం లేదని గెలీలియో ఎలా రుజువు చేస్తాడు? ఆయన ఆ పనికి పూనుకోలేదు. 1611లో రాసిన జవాబులో, సరే, ఆ స్ఫటికం ఉందనే ఒప్పుకుంటాను, కానీ ఆ కనిపించని స్ఫటికం మీదే మనం చూసిన కొండలకు పది రెట్లు ఎత్తైన కొండలు లేచి ఉన్నాయని నేనంటాను, కాదని చూపించండి అన్నాడు.

ఈ జవాబులో గెలీలియో మూడు సంగతులు బయటపెట్టాడని చెప్పవచ్చు. మొదటిది, ఒకే తర్కం నున్నని చంద్రుణ్ణీ సిద్ధం చేస్తుంది, మరింత గరుకైన చంద్రుణ్ణీ సిద్ధం చేస్తుంది. పరస్పరం పొసగని రెంటినీ ఒకేలా నిలబెట్టే వాదం దేన్నీ నిలబెట్టనట్టే. రెండోది శ్రమకు సంబంధించినది. కనిపించని స్ఫటికం ఉందనడానికి ఒక్క వాక్యం చాలు, లేదని చూపించడానికి జీవితకాలం చాలదు. భారం బదిలీ అయితే మాట అన్నవాడికి ఖర్చేమీ ఉండదు, మొత్తం ఖర్చు విన్నవాడిదే. విద్యారంగంలో శ్రమ, కాలం, నిధులు అన్నీ పరిమితం గనుక ఇది చిన్న విషయం కాదు. ఆధారం లేని ప్రతి ఊహనూ ఖండించే బాధ్యత పండితులదే అయితే వారికి ఇంకే పనీ మిగలదు. మూడోది, వెతకాల్సిన చోటును ప్రతిపాదించినవాడు ఎప్పుడైనా జరపగలడు. ఇక్కడ లేదంటే అక్కడ ఉందంటాడు, కంటికి కనబడలేదంటే అది కనబడేది కాదంటాడు. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడికి నాలుగో కాలు ఎలా చూపించగలం?

ఈ పద్ధతి పుస్తకాల్లోనే ఆగిపోతే నష్టం తక్కువ. 1950 ఫిబ్రవరిలో అమెరికా సెనేట్‌లో జోసెఫ్ మెకార్తీ ప్రభుత్వోద్యోగుల మీద కమ్యూనిస్టు ముద్ర వేస్తూ 81 మంది కేసులు వినిపించాడు. అందులో నలభయ్యో వ్యక్తి గురించి తన దగ్గర పెద్దగా సమాచారం లేదని, అతనికి కమ్యూనిస్టులతో సంబంధం లేదని చూపే కాగితమేదీ ఫైల్లో లేదని చెప్పాడు. కాగితం లేకపోవడమే నేరానికి గుర్తయింది. అలా నిందపడ్డ మనిషి ఎంత వెతికినా తన నిర్దోషిత్వానికి కాగితం ఎక్కణ్ణుంచి తెస్తాడు?

మౌనం సాక్ష్యమయ్యే చోటు

ఇంత చెప్పాక, కనబడకపోవడం ఎప్పుడూ ఆధారం కాదని అనుకుంటే అది ఇంకో పొరపాటు. చాలామంది పాఠ్యపుస్తకాల రచయితలు ఇక్కడే తొందరపడతారు. భారతీయ దర్శనాలు ఈ విషయాన్ని చాలా ముందే, చాలా సూక్ష్మంగా పట్టుకున్నాయి.

కుమారిల భట్టును అనుసరించే మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధి అనే దాన్ని ప్రత్యేక ప్రమాణంగా ఒప్పుకున్నారు. కనబడకపోవడం ద్వారా లేదని తెలుసుకోవడమే అనుపలబ్ధి. నైయాయికులు దాన్ని వేరే ప్రమాణంగా లెక్కించకపోయినా, లేమిని తెలుసుకోవడంలో దానికి పాత్ర ఉందని ఒప్పుకున్నారు. అందరూ పెట్టిన షరతు మాత్రం ఒక్కటే: యోగ్యత ఉండాలి. అంటే, వస్తువు అక్కడ ఉండి ఉంటే మనకు కనబడి తీరాల్సిన పరిస్థితి ఉండాలి. పట్టపగలు, శుభ్రంగా ఊడ్చిన నేల మీద కుండ కనబడకపోతే కుండ లేనట్టే. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ చెప్పలేం. పిశాచం సంగతి మరీ వేరు. స్వభావరీత్యా కంటికి కనబడనిదని ముందే చెప్పుకున్నాం గనుక, కనబడలేదు కాబట్టి లేదు అనడానికి వీల్లేదు. ఆ మాటకొస్తే, కాదనలేకపోతున్నారు కాబట్టి ఉంది అనడానికీ వీల్లేదు.

ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో చార్వాకుణ్ణి ఎదుర్కొన్నది ఈ షరతు ఆయుధంగానే. కనబడనిదల్లా లేనిదే అయితే, ఇల్లు దాటి బయటికొచ్చిన చార్వాకుడు తన భార్యాబిడ్డలు కనబడటం లేదు గనుక లేరనుకుని గుండెలు బాదుకుని ఏడవాల్సి వస్తుందని ఆయన అంటాడు. ఈశ్వరుడు కనబడడు కాబట్టి లేడనే వాదాన్ని ఇది తిప్పికొడుతుంది. అయితే ఒకటి గమనించాలి. ఇంత మాత్రంతో ఈశ్వరుడు ఉన్నాడని తేలిపోదు. ఉదయనుడికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఆ గ్రంథంలో ఈశ్వరుడికి వేరే అనుమాన ప్రమాణాలు చూపే పనిని తన మీదే వేసుకున్నాడు. ఖండించడం వేరు, స్థాపించడం వేరని తెలిసి రెండు పనులూ చేసిన పండితుడాయన.

మన సాక్ష్య చట్టంలోనూ యోగ్యత షరతు చక్కగా ఇమిడి ఉంది. ఏడేళ్ళపాటు ఒక మనిషి కబురు తెలియకపోతే, అతను బతికే ఉన్నాడనేవారి మీదకు రుజువు భారం మారుతుంది. కానీ ఎవరికి తెలియకపోతే? బతికి ఉంటే సహజంగా అతని కబురు ఎవరికి అందాలో వారికి. అంటే భార్యకు, పిల్లలకు, అన్నదమ్ములకు. ఎప్పుడో ఒకసారి రైల్లో పరిచయమైనవాడికి ఏడేళ్ళుగా కబురు లేకపోతే దానికి విలువ లేదు. మౌనానికి విలువ వచ్చేది, మాట వినిపించాల్సిన చోట వినిపించనప్పుడే.

వైద్య పరిశోధన ఈ యోగ్యతను అంకెల్లోకి తెచ్చింది. కొత్త మందును 300 మందికి ఇచ్చారనుకుందాం. ఒక్కరికి కూడా ఒక ఫలానా దుష్ప్రభావం రాలేదు. అయితే ఆ దుష్ప్రభావం లేదనవచ్చా? గణాంకశాస్త్రంలో దీనికి ఒక సులువైన లెక్క ఉంది. ఒక్కటీ కనబడనప్పుడు 3ను పరీక్షించిన వారి సంఖ్యతో భాగిస్తే, 95 శాతం విశ్వాసంతో చెప్పగలిగిన గరిష్ఠ పరిమితి దాదాపుగా వస్తుంది. 3ను 300తో భాగిస్తే నూటికి ఒకటి. అంటే ఆ దుష్ప్రభావం నూటికొకరికి వచ్చేదైనా, ఈ పరీక్షలో అది కనబడకుండా పోయే అవకాశం ఇంకా మిగిలి ఉంది. నూటికి పదిమందికి వచ్చేదైతే మాత్రం కచ్చితంగా బయటపడి ఉండేది. అదే 300 మంది మౌనం ఒక ప్రశ్నకు గట్టి జవాబు, ఇంకో ప్రశ్నకు జవాబే కాదు. 1978లో ఫ్రైమన్, ఆమె సహ పరిశోధకులు, చికిత్సకు ఫలితం లేదని తేల్చిన 71 ప్రయోగాలను తిరగేశారు. వాటిలో 50 ఎంత చిన్నవంటే, చికిత్స వల్ల పరిస్థితి సగానికి సగం మెరుగుపడినా దాన్ని పట్టుకోలేకపోయే ప్రమాదం పది శాతానికి మించి ఉంది. 'ఫలితం కనబడలేదు' అన్న మాటను 'ఫలితం లేదు' అని చదివితే రోగులు మంచి మందుకు దూరమవుతారు.

పోటీ వేదిక మీద

కళాశాల చర్చా పోటీల్లో నిరూపణ భారం ఆట నియమంగా ఉంటుంది. అమెరికాలోని విధాన చర్చా పోటీల్లో మార్పు కోరే జట్టుదే మూలభారం. ప్రస్తుత పరిస్థితిలో హాని ఉందని, దానికి కారణం వ్యవస్థలోనే ఉందని, తమ పథకం దాన్ని తీరుస్తుందని ఆ జట్టు చూపించాలి. రెండు పక్షాలూ సమానంగా తూగితే గెలుపు ఎదుటి జట్టుది.

అయితే ఇవే పోటీల్లో జవాబు చెప్పకుండా వదిలేసిన వాదాన్ని ఒప్పుకున్నట్టుగా లెక్కించే ఆచారం ఉంది. లాక్ తప్పుపట్టిన పద్ధతి ఇక్కడ నియమమై కూర్చుంది. గడియారం చూసుకుంటూ సాగే ఆటకు ఇది అవసరమే కావచ్చు. కానీ ఆ అలవాటుతోనే పరిశోధనలోకి వచ్చిన విద్యార్థి, తన వ్యాసానికి ఖండన రాలేదు కాబట్టి తన మాట నెగ్గిందనుకుంటే నష్టపోతాడు. ఖండన రాకపోవడానికి ఎవరూ చదవకపోవడం కూడా కారణం కావచ్చు.

ఖండించేవారి విషయంలోనూ ఒక హద్దు ఉంది. గౌతముడి న్యాయసూత్రాలు చర్చను వాదం, జల్పం, వితండ అని మూడుగా విభజించాయి. తన పక్షమంటూ ఏదీ స్థాపించకుండా ఎదుటి పక్షాన్ని కొట్టెయ్యడమే వితండ. తెలుగులో వితండవాదం తిట్టుగా మారింది గాని, విమర్శకుడు తన సిద్ధాంతం చెప్పకుండా ప్రశ్నలు మాత్రమే వెయ్యడంలో తర్కదోషమేమీ లేదు. 'మీరు చూపించింది చాలదు' అనేవాడికి భారం లేదు. 'మీరు చెప్పింది అబద్ధం' అన్న మరుక్షణం అతనూ ఒక ప్రతిపాదన చేసినట్టే, దాని భారం అతనిదే. సందేహానికీ నిరాకరణకూ మధ్య ఉన్న ఈ గీతను పెద్ద పండితులు కూడా వాదన వేడిలో దాటేస్తుంటారు.

సింధు గుర్తుల వివాదం

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ ఒకేచోట కనిపించే విద్యా వివాదం సింధు నాగరికత గుర్తులది. హరప్పాలో దొరికిన ఒక ముద్ర బొమ్మను అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 1875లో ప్రచురించాడు. ఇప్పటికి ఇలాంటి గుర్తులున్న వస్తువులు నాలుగు వేలకు పైగా దొరికాయి. ఐరావతం మహాదేవన్ 1977లో ప్రచురించిన సూచికలో 417 వేర్వేరు గుర్తులను లెక్కించారు. ఒక్కో రాతలో సగటున ఐదు గుర్తులుంటాయి. తవ్వకాల్లో దొరికి, ఒకే ముఖం మీద ఉన్నవాటిలో అతి పొడవైన దానిలో 17 గుర్తులే ఉన్నాయి. తెలిసిన భాషతో పక్కపక్కన రాసిన శాసనం ఒక్కటీ లేదు.

దాదాపు నూటముప్పై ఏళ్ళపాటు ఇవి ఒక భాషకు లిపి అని అందరూ తీసుకున్నారు. 2004లో స్టీవ్ ఫార్మర్, రిచర్డ్ స్ప్రోట్, మైకేల్ విట్‌జెల్ అది లిపి కాదని, దేవతలనో వంశాలనో సూచించే చిహ్నాల సముదాయమని ఒక వ్యాసం ప్రచురించారు. రాతలు మరీ పొట్టివని, పొడవైన రచన ఒక్కటీ దొరకలేదని వారి ముఖ్య వాదం. దీనికి పాత పండితుల దగ్గర సిద్ధంగా ఒక జవాబుంది. పొడవైన రచనలు తాటాకుల మీదో గుడ్డల మీదో ఉండేవి, అవి నశించిపోయాయి.

ఈ జవాబు ఒంటరిగా నిలిస్తే అది కొలంబె స్ఫటికమే. నశించిపోయిన తాటాకులు లేవని ఎవరూ చూపలేరు. కాబట్టి అవి ఉండేవనడం భారాన్ని ఎదుటివారి మీదకు నెట్టడమే అవుతుంది. ఫార్మర్ బృందం ఆ భారాన్ని తీసుకోలేదు. యోగ్యత వైపు తిరిగింది. త్వరగా నశించే వాటి మీద రాసిన ఇతర ప్రాచీన నాగరికతలన్నీ రాయి, లోహం, కుండపెంకుల మీద కూడా పొడవైన రాతలు వదిలాయని, సింధు ప్రజలు మాత్రమే ఎందుకు వదలలేదని అడిగింది. కలాలు, సిరాబుడ్లు, రాసేవారి బొమ్మలు కూడా దొరకలేదని ఎత్తి చూపింది. ఇది నిజమైన అనుపలబ్ధి వాదం. ఉంటే కనబడాల్సిన చోట కనబడలేదంటోంది.

దీనికి ఆస్కో పార్పోలా ఇచ్చిన జవాబు కూడా యోగ్యత మీదే గురిపెట్టింది. అలెగ్జాండర్ నౌకాధిపతి నియార్కస్ భారతీయులు గుడ్డ మీద రాస్తారని క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో పేర్కొన్నాడు. ఆ కాలపు రాత గుడ్డ ఒక్కటీ మనకు మిగల్లేదు. కాబట్టి మన దేశపు తేమలో రాతలు జాడ లేకుండా పోవడం ఊహ కాదు, తెలిసిన సంగతే. దీనికి తోడు మొహెంజొదారోలో భూగర్భజలం పైకి ఉండటంతో అడుగు పొరల దాకా తవ్వలేకపోయారు. కనబడాల్సిన చోటంతా మనం చూశామా అన్న ప్రశ్న ఇక్కడ న్యాయమైనదే. స్ఫటికానికీ ఈ వాదానికీ తేడా చూడండి. పార్పోలా నశించిపోయిందని ఊరుకోలేదు, నశించిపోయే అవకాశానికి సాక్షిని తెచ్చాడు.

ఇక ఫార్మర్ బృందం విషయానికొస్తే, 'లిపి అని రుజువు కాలేదు' అన్నంత వరకు వారికి భారం లేదు. 'లిపి కాదు' అన్నారు గనుక భారం వచ్చింది. గుర్తుల వరసలో ఒక క్రమం ఉంది. ఎడమ చివర ఇరుకుగా చెక్కిన రాతలను బట్టి కుడి నుంచి ఎడమకు రాసేవారని తెలుస్తుంది. అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే కుండలాంటి గుర్తు ఎక్కువగా రాత చివరే కనిపిస్తుంది. చిహ్నాలే అయితే ఈ వరస ఎందుకన్నది వారు చెప్పాలి. 2009లో రాజేష్ రావు, మహాదేవన్, మరికొందరు సైన్స్ పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. ఒక గుర్తు తర్వాత ఏ గుర్తు వస్తుందన్నది ఎంతవరకు ఊహించగలమో కొలిచి, అది భాషలకు దగ్గరగా ఉందని చూపారు. భాష కాని చిహ్నాల వరసలు కూడా అలా ఉండవచ్చని స్ప్రోట్ అభ్యంతరం చెప్పాడు. ఆ అభ్యంతరం సరైనదే. లెక్క అనుకూలించడం ఒక ఆధారమే గాని రుజువు కాదు. అలాగని అది ఎదుటి పక్షానికి రుజువూ కాదు. ఈ రెండు పక్షాల మధ్య భారం ఏళ్ళ తరబడి చేతులు మారుతూ వచ్చిన తీరు, ఆరోగ్యకరమైన చర్చకు నమూనా అని నా అభిప్రాయం.

చదివేశామనేవారి సంగతి వేరు. సంస్కృతమని, ద్రావిడమని, ఇంకా ఎన్నో భాషలని ఇప్పటికి వందకు పైగా పఠనాలు వచ్చాయి. వారిలో చాలామంది మాట ఒక్కటే: నేను చదివింది తప్పని చూపించండి. చూపించడం కష్టమే. ఐదు గుర్తుల రాతలు, నాలుగు వందల గుర్తులు, తెలిసిన భాషతో పోలిక లేదు. ఇంత తక్కువ సామగ్రి మీద పరస్పరం పొసగని పఠనాలు ఎన్నయినా నిలబడతాయి. ఖండించలేకపోవడం వారి పఠనంలోని బలం కాదు, మన దగ్గరున్న సామగ్రిలోని పేదరికం. ఆధారాలు ఎంత తక్కువైతే అజ్ఞానాశ్రిత వాదం అంత బలంగా కనిపిస్తుందన్నది ఈ రంగంలో గుర్తుంచుకోవాల్సిన సంగతి.

భారం మొయ్యడమంటే ఏమిటో చూడాలంటే గ్రీసు వైపు తిరగాలి. మైకేల్ వెంట్రిస్ 1952లో లీనియర్ బి లిపిలో ఉన్నది ప్రాచీన గ్రీకు భాషేనని ప్రకటించాడు. మరుసటి ఏడు కార్ల్ బ్లెగెన్ పైలోస్ తవ్వకాల్లో దొరికిన ఒక మట్టిపలకకు వెంట్రిస్ ఇచ్చిన అక్షర విలువలు పెట్టి చూశాడు. ఆ పలకను వెంట్రిస్ చూడలేదు. ముక్కాలి పాత్ర బొమ్మ పక్కన ముక్కాలిది అన్న మాట వచ్చింది. నాలుగు చెవుల కుండ పక్కన నాలుగు చెవులదని, మూడు చెవుల దాని పక్కన మూడు చెవులదని, చెవులే లేని దాని పక్కన లేనిదని వచ్చింది. ప్రతిపాదించినవాడి చేతిలో లేని సామగ్రి మీద, ఇంకొకరి చేతుల్లో పఠనం పని చేసింది.

సింధు గుర్తుల్లో ఈ దారిన కొంతైనా నడిచింది చేప గుర్తు మీది పరిశీలన. తమిళంలో మీన్ అంటే చేప, నక్షత్రం కూడా. తెలుగులో మీను చేపగానే మిగిలింది, నక్షత్రాన్ని చుక్క అన్నాం. చేప గుర్తు నక్షత్రాన్ని సూచిస్తుందని మొదట ఫాదర్ హేరాస్ ఊహించాడు. అదే నిజమైతే చేప ముందు అంకెలు రావాలని పార్పోలా చూశాడు. ఆరు గీతలు, చేప కలిసిన రాత ఉంది. పాత తమిళంలో ఆరు మీన్ల పేరు కృత్తికలది. ఏడు గీతలు, చేప కూడా ఉంది, ఏడు మీన్ల పేరు సప్తర్షి మండలానిది. ఇది రుజువు కాదు, పార్పోలా కూడా దీన్ని ఊహగానే ప్రతిపాదించాడు. కానీ తప్పయితే తప్పని తేలే అవకాశాన్ని ఆయన తనంతట తానే ఇచ్చాడు.

పొడవైన రాత దొరికితే చర్చ మారుతుందని రెండు పక్షాలూ ఒప్పుకుంటాయి. కనీసం 50 గుర్తులున్న నిజమైన సింధు రాత చూపినవారికి పదివేల డాలర్లు ఇస్తానని ఫార్మర్ ప్రకటించాడు. గుర్తులకు అర్థం విప్పినవారికి పది లక్షల డాలర్ల బహుమతి ఇస్తామని తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 2025 జనవరిలో ప్రకటించారు. తవ్వకాల్లో దొరికిన సింధు రాతల్లో పొడవైనది మూడు ముఖాలున్న ఒక చిన్న పట్టకం మీద ఉంది. మూడు ముఖాలూ కలిపి అందులో ఉన్నవి 26 గుర్తులు.